రాత్రి రెండింటికి ఆకలి, కడుపుమంట: గ్యాస్ మాత్ర పనిచేయడం లేదు

సోంపేట కుర్రోడు:
మా నాన్నకి రోజూ రాత్రి రెండు దాటేసరికి మెలకువ వచ్చేస్తోంది. కడుపులో మంట, ఒకటే ఆకలి. నాలుగు బిస్కెట్లు, గ్లాసుడు పాలు పడితేగానీ మళ్ళీ నిద్ర పట్టదు. పాంటప్రజోల్ 40 నెల నుంచి వేస్తున్నాం, ఏటీ లాభం లేదు. సాయంత్రం నుంచి చదివి చదివి బుర్ర వేడెక్కిపోయింది. ఒకడు అల్సర్ అంటాడు, ఒకడు గ్యాస్ అంటాడు. ఏ మాత్రకి మార్చాలో సూటిగా చెప్పండి, చాలు.

బొబ్బిలి మాష్టారు:
మాత్ర కాదు బాబూ, అలవాటు మార్చాలి. రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోవాలి. పచ్చిమిరపకాయ, చింతపండు పులుసు, ఊరగాయ బంద్. తిన్నాక మూడు గంటలైనా గడిచాకే నడుం వాల్చాలి, అదీ ఎడమవైపు తిరిగి. తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. ఇవన్నీ వదిలేసి మాత్రలు మింగితే ఏం ప్రయోజనం? మనవాళ్ళు పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోయేవారు, వాళ్ళకి ఈ మంటలు ఉండేవా?

వంశధార:
ఇంకేం మందులు వాడుతున్నారు?

సోంపేట కుర్రోడు:
మామూలువే. షుగర్‌కి, బీపీకి.

వంశధార:
షుగర్ మాత్ర పేరు, పవరు, ఎన్నింటికి వేస్తారు. అది చెప్పకుండా అడిగితే ఎవరు చెప్పగలరు?

సోంపేట కుర్రోడు:
గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది. గ్లిమిపిరైడ్ ముందు 1 ఉండేది. పొద్దున ఫాస్టింగ్ 190 చూపిస్తోందని ఈమధ్యే 2 చేశారు. పొద్దున ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. రాత్రి పెద్దగా తినరు, ఏడింటికి ఒక చపాతీ, అంతే. మాష్టారు చెప్పినట్టే ముందే తినేస్తారు. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కూడా ఉంది, కానీ అది కడుపుకి సంబంధం లేదు కదా.

రాజాం ఫార్మసీ:
సంబంధం ఉంది, దాని సంగతి తర్వాత. ముందు షుగర్ చూద్దాం.

గ్లిమిపిరైడ్ క్లోమాన్ని పిండి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి అనవసరం. ఏడింటి చపాతీ పదీ పదకొండుకే అరిగిపోతుంది, మాత్ర మాత్రం అప్పుడే పనిలోకి దిగుతుంది. రెండింటికి షుగర్ పడితే ఒళ్ళు మేలుకొల్పుతుంది: ఆకలి, చెమట, వణుకు, గుండె దడ. అప్పుడు బిస్కెట్లు, పాలు తీసుకుంటున్నారు. ఆ తర్వాత నాలుగు గంటలకి తీసేది ఫాస్టింగ్ ఎలా అవుతుంది? దానికితోడు తెల్లవారుజామున ఒంట్లో హార్మోన్లు షుగర్‌ని కొంచెం పైకి లాగుతాయి. ఆ 190 చూసి మాత్ర పెంచారు. దాంతో రాత్రి ఇంకా పడుతోంది, నాన్నగారు ఇంకా తింటున్నారు. రాత్రి తింటున్నట్టు డాక్టరుగారికి చెప్పారా?

"తింటే తగ్గింది" అన్నది ఏదీ తేల్చదు. షుగర్ పడ్డా, యాసిడ్ మంటైనా రెండూ తిండితో తగ్గుతాయి. అందుకని ఈ రాత్రి లేవగానే ఏమీ నోట్లో పెట్టకముందే వేలు పొడిచి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్ళలో కలిపి ఇవ్వండి. బిస్కెట్లో నూనె, పాలలో వెన్న ఉంటాయి కాబట్టి వాటితో షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి, ఇంకా 70 దాటకపోతే అంతే పంచదార మళ్ళీ. దాటాక అంబలో, కాస్త అన్నమో పెట్టాలి, ఎందుకంటే మాత్ర ఒంట్లో ఇంకా ఉంటుంది, మళ్ళీ పడొచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

అన్నం మానేసిన పూట ఈ మాత్ర వేయకూడదు. మోతాదు సంగతి డాక్టరుతో రేపే మాట్లాడండి.

నాగావళి:
దీన్నే సోమోజీ ఎఫెక్ట్ అంటారు. రాత్రి పడిన షుగర్ పొద్దున దానంతటదే ఎగదన్నుతుంది.

రాజాం ఫార్మసీ:
పేరు సరే గానీ, చాలామందిలో అలా జరగదని తేలింది. రాత్రి పడినవాళ్ళకి పొద్దున కూడా తక్కువే ఉండడం ఎక్కువ. ఇక్కడ పెంచింది బిస్కెట్లు.

నాగావళి:
మా డాక్టరు అలాగే చెప్పారు మరి.

కొత్తవలస లక్ష్మి:
నాకు షుగర్ లేదు కానీ రాత్రి ఒంటిగంటకి అచ్చం ఇలాగే. పాలు తాగితే చల్లబడుతుంది, గంటకి మళ్ళీ మొదలు. నాకూ షుగర్ పడుతున్నట్టేనా?

రాజాం ఫార్మసీ:
కాదమ్మా. షుగర్ మందులు లేనివాళ్ళకి రాత్రంతా కాలేయం చక్కెర వదులుతూనే ఉంటుంది, మామూలుగా 70 కిందకి పోనివ్వదు. మీది యాసిడ్ లక్షణం. పొట్టలో యాసిడ్ ఊరడం రాత్రి పది నుంచి రెండు దాకా ఎక్కువ, అప్పుడేమో దాన్ని పీల్చుకోవడానికి లోపల తిండి ఉండదు. పాలు కాసేపు ఆపుతాయి, తర్వాత అందులోని కాల్షియం, ప్రొటీన్ కలిసి ఇంకా యాసిడ్ ఊరిస్తాయి. అందుకే గంటకి మళ్ళీ మొదలు. ఖాళీ కడుపున మంట, తింటే ఉపశమనం అన్నది చిన్నపేగు మొదట్లో పుండుకి పాత గుర్తు. చూపించుకోండి.

సోంపేట కుర్రోడు:
రాత్రి 2:20కి లేచారు, బనీను తడిసిపోయింది. తినకముందు 61. పంచదార నీళ్ళు ఇచ్చాం, పావుగంటకి 88. తర్వాత అంబలి. ఆకలి, వణుకు పోయాయి. మంట మాత్రం తగ్గలేదు!

బొబ్బిలి మాష్టారు:
61 అంటే కొంచెమే కదా తక్కువ. అంత హడావుడి ఎందుకు?

వంశధార:
మాత్ర మీద ఉన్నవాళ్ళకి 70 కింద అంటే తక్కువే. 54 కింద ప్రమాదం. ఏడింటికి తిని పదింటికి మాత్ర వేసుకోమనే సలహా వల్లే ఈ తంటా.

బొబ్బిలి మాష్టారు:
నేను మాత్ర గురించి చెప్పలేదు.

నాగావళి:
ఎప్పుడూ 250లో ఉండేవాళ్ళకి 100కి వచ్చినా చెమటలు పడతాయి. కాబట్టి అంకె ఒక్కటే చూడకూడదు.

రాజాం ఫార్మసీ:
అది నిజమే, కానీ ఇక్కడ అంకే 61.

మిగిలిన మంట గురించి. షుగర్ బాగా పడితే మెదడు వేగస్ నరం ద్వారా పొట్టకి కబురు పంపుతుంది, యాసిడ్ ఊరుతుంది. పూర్వం అల్సర్‌కి ఆ నరం కోసే ఆపరేషన్ చేసేవారు. అది పూర్తిగా తెగిందో లేదో చూడడానికి ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించి, యాసిడ్ కొలిచేవారు. కాబట్టి రెండు బాధలూ ఒకేసారి రావడంలో వింత లేదు. పైగా డైక్లోఫెనాక్ పొట్ట లోపలి పొరని బలహీనం చేస్తుంది, అన్నం తిన్నాక వేసుకున్నా సరే. అది ఆపించి, నొప్పికి వేరేది డాక్టరునే అడగండి. పాంటప్రజోల్ ఎప్పుడు వేస్తున్నారు?

సోంపేట కుర్రోడు:
రాత్రి మిగతా మాత్రలతో కలిపి, తిన్నాక.

రాజాం ఫార్మసీ:
అందుకే సరిగ్గా పట్టడం లేదు. తిండి పడినప్పుడు యాసిడ్ తోడే పంపులు మేలుకుంటాయి, మందు పనిచేసేది మేలుకున్న వాటి మీదే. తినడానికి అరగంట ముందు వేయాలి. ఇంకోటి, హెచ్.పైలోరీ పరీక్ష రాస్తే ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పండి. మలం పరీక్షకీ, ఊపిరి పరీక్షకీ రెండు వారాల ముందు ఇది ఆపాలి, లేకపోతే సూక్ష్మజీవి ఉన్నా లేనట్టు వస్తుంది.

మీది ఉద్దానం వైపు కదా, క్రియాటినిన్ ఎప్పుడు చేయించారు? కిడ్నీ నెమ్మదిస్తే గ్లిమిపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అదే మాత్ర, అదే తిండి ఉన్నా షుగర్ పడుతుంది. నొప్పి మాత్ర కిడ్నీకీ చెడ్డదే.

వంశధార:
షుగర్ 70 పైన ఉండి కూడా మంట, చెమట కలిసి వస్తే ఈసీజీ. ఆ రాత్రే. మలం నల్లగా వస్తోందా?

కొత్తవలస లక్ష్మి:
మీటరు స్ట్రిప్పుల డబ్బా తెరిచి చాలా రోజులైతే అంకె తప్పు వస్తుందా?

సోంపేట కుర్రోడు:
సరేనండి, ఇవాళే తీసుకెళ్తున్నాం. థాంక్స్.

వంశధార:
మలం రంగు చెప్పలేదు.

బొబ్బిలి మాష్టారు:
ముందు ఆ ఊరగాయ మానమనండి.