బాత్రూంలో జారిపడ్డ పెద్దావిడ: ఫారం 4లో కింది వరుసలో ఏం రాయాలి?

రాత్రి_డ్యూటీ: నేను జిల్లా స్థాయి ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌ని. 81 ఏళ్ల ఆవిడ బాత్రూంలో జారిపడింది, తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. గుండె బలహీనంగా ఉందని ఇంటివాళ్లు ఆపరేషన్ వద్దన్నారు. మంచం మీదే 16 రోజులు ఉంది, చివరి నాలుగు రోజులు న్యుమోనియా, నిన్న తెల్లవారుజామున పోయింది. షుగర్ 20 ఏళ్లుగా ఉంది. మరణ కారణం రాసే ఫారం 4లో నేను పై నుంచి కిందికి ఎ దగ్గర కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్, బి దగ్గర న్యుమోనియా, సి దగ్గర షుగర్ అని రాశాను. రికార్డు సెక్షన్ వాళ్లు వెనక్కి పంపారు. తప్పెక్కడో చెప్పండి, ఇంటివాళ్లు కింద ఎదురుచూస్తున్నారు.

పల్నాడు_ఎండీ: ఎ దగ్గర రాసింది తీసేయండి. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరూ పోరు, ఆ మాట వల్ల ఏమీ తెలియదు. చనిపోయిన తీరు కాదు, కారణమైన జబ్బు లేదా గాయం రాయమని ఫారం మీదే ఉంటుంది. మిగతాది బాగానే ఉంది, అన్నిటికంటే పాత జబ్బు షుగరే కదా, అది కిందే ఉండాలి.

కోడింగ్_అక్క: మొదటి మాట సరే సార్, రెండోదాంతో ఒప్పుకోను. నేను పదకొండేళ్లుగా ఈ ఫారాలే చూస్తున్నాను. కింద ఉండాల్సింది అన్నిటికంటే పాత జబ్బు కాదు, ఈ వరుసను మొదలుపెట్టింది. రాశాక కింది నుంచి పైకి "దీనివల్ల ఇది వచ్చిందా" అని అడుగుతూ చదవండి. షుగర్ వల్ల న్యుమోనియా వచ్చిందా? ఈ కేసులో కాదు. ఆవిడ పడింది, ఎముక విరిగింది, కదలలేక మంచాన పడింది, ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా అయింది. కాబట్టి ఎ దగ్గర న్యుమోనియా, 4 రోజులు. బి దగ్గర తొడ ఎముక విరిగి మంచానికి పరిమితం కావడం, 16 రోజులు. సి దగ్గర ఇంట్లో జారిపడడం, 16 రోజులు. షుగర్, గుండె జబ్బు రెండో భాగంలోకి వెళ్తాయి, ఎందుకంటే అవి ఆవిణ్ణి బలహీనపరిచాయి కానీ ఈ గొలుసులో లేవు. పక్కన రాసే కాలం కిందికి వెళ్లేకొద్దీ పెరగాలి, లేదా సమానంగా ఉండాలి. కింద రెండు రోజులు, పైన రెండు వారాలు ఉంటే వరుస తలకిందులైనట్టే.

పల్నాడు_ఎండీ: నిజమే, షుగర్ కాలు కుళ్లి సెప్సిస్ వచ్చిన కేసును మనసులో పెట్టుకుని చెప్పాను. అక్కడైతే షుగర్ కిందే ఉంటుంది.

గుంటూరు_కిరణ్: మా నాన్న ఇంట్లోనే పోయారు, మున్సిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో కారణమే లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతున్నారు. ఆసుపత్రివాళ్లు రాయకుండా వదిలేశారా?

కోడింగ్_అక్క: కిరణ్ గారూ, మీది వేరే విషయం. మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం వెయ్యరు, చట్టమే వద్దంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది డాక్టరు రాసే కాగితం. ఇంట్లో పోతే, చివర్లో చూసిన డాక్టరు 4ఎ అనే ఫారం ఇస్తారు. ఆయన్ని అడగండి.

రాత్రి_డ్యూటీ: అక్కా, పెద్ద కొడుకు పైకి వచ్చి "పడిన సంగతి రాయకండి డాక్టర్ గారూ, పోలీసులు వస్తారు, అమ్మను కోస్తారు" అని ఏడ్చాడు. వృద్ధాప్యం అని రాస్తే సరిపోదా?

కోడింగ్_అక్క: ఆయన బాధ అర్థమవుతుంది, కానీ రాయకుండా ఉండకండి. వృద్ధాప్యం అని రాస్తే విరిగిన ఎముక లెక్కలోంచి మాయమవుతుంది, మీ సంతకంతో. మీ కేస్ షీట్‌లోనే ఎక్స్‌రే ఉంది, రెండూ కలవకపోతే రేపు ప్రశ్న మీకే. ఫారంలో మరణం తీరు అని ఒక గడి ఉంటుంది, సహజం కాదు, ప్రమాదం అని రాయాలి. గాయం ఎలా అయిందో కూడా అక్కడే: బాత్రూంలో తడి నేల మీద జారి.

ఫోరెన్సిక్_పీజీ: అడ్మిట్ చేసినప్పుడు ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు, కట్టారా? కట్టి ఉంటే పోలీసులకు చెప్పకుండా బాడీ ఇవ్వకండి. కట్టకపోయినా ప్రమాద మరణమే కాబట్టి నేనైతే స్టేషన్‌కి సమాచారం రాసి పంపుతాను.

పల్నాడు_ఎండీ: మా దగ్గర ఇలాంటి ప్రతి కేసుకీ పంపం. ఇంటివాళ్లకి ఎలాంటి అనుమానమూ లేనప్పుడు వాళ్లను స్టేషన్ చుట్టూ తిప్పడం నాకు ఇష్టం లేదు.

ఫోరెన్సిక్_పీజీ: అనుమానం ఉందో లేదో తేల్చాల్సింది మనం కాదు సార్. పోస్ట్‌మార్టం అవసరమా అన్నది చూడాల్సింది వాళ్లు.

రాత్రి_డ్యూటీ: ఎమ్మెల్సీ కట్టలేదు. సూపరింటెండెంట్ గారిని అడిగాకే చేస్తాను. ఫారం రిజిస్ట్రార్‌కి వెళ్లలేదు కాబట్టి పాతది రద్దు చేసి కొత్తది రాశాను, అక్క చెప్పిన వరుసలోనే. ఒక్క సందేహం: ఎముకలు ముందే గుల్లబారి ఉంటే అది సి కింద ఇంకో గీత వేసి రాయాలా, రెండో భాగంలోనా?

కోడింగ్_అక్క: పడడం వల్ల విరిగిందని మీరు నమ్మితే రెండో భాగంలో. ముందు విరిగి అప్పుడు పడిందని ఆధారం ఉంటే వరుస మారిపోతుంది. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు ఏమన్నారు?