అప్‌డేట్: వార్మ్ గేర్ హాయిస్ట్‌కి చివరికి బ్రేక్ పెట్టాను

నా ప్రశ్న: 100 కిలోలు ఎత్తే చిన్న హాయిస్ట్‌కి వార్మ్ గేర్‌బాక్స్ వాడాను. సెల్ఫ్ లాకింగ్, అంటే బరువు గేరును వెనక్కి తిప్పలేదు కాబట్టి బ్రేక్ పెట్టలేదు. దించుతూ మోటారు ఆపితే బరువు ఇంకా కిందికి జారుతోంది. ఎందుకు?

అప్‌డేట్: కారణం దొరికింది. నా వార్మ్ లీడ్ కోణం, అంటే దాని మర వాలు, 4.5 డిగ్రీలు. ఆగి ఉన్నప్పుడు ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే ఘర్షణ కోణం 5.7 డిగ్రీలు వస్తుంది. అది లీడ్ కోణం కన్నా ఎక్కువ, కాబట్టి లాక్ అవుతుంది. కానీ నూనెలో తిరుగుతున్నప్పుడు గుణకం 0.06కి పడితే ఘర్షణ కోణం 3.4 డిగ్రీలే. అప్పుడు లాక్ లేనట్టే. అందుకే కదలకుండా ఉన్న బరువు నిలిచేది, దిగుతున్న బరువు ఆగేది కాదు. పక్కన మెషిన్ అదిరినా ఇదే కథ. కొత్తలో నిలిచింది కదా అని ధీమాగా ఉన్నాను, పళ్లు నునుపెక్కేకొద్దీ బయటపడింది.

ఎత్తేటప్పుడు సామర్థ్యం `tan 4.5° / tan (4.5° + 3.4°)`, అంటే దాదాపు 57 శాతం. సెకనుకు 0.1 మీటరు వేగానికి 98 వాట్లు చాలు, కానీ మోటారు 172 ఇవ్వాలి. మిగతా 74 వాట్లూ గేర్‌బాక్స్‌లో వేడే. అప్పుడప్పుడు అర నిమిషం ఎత్తే నా పనికి ఫర్వాలేదు. రోజంతా ఎత్తాలంటే మాత్రం హెలికల్ గేర్‌బాక్సే తీసుకునేవాణ్ణి.

కరెంటు పోగానే స్ప్రింగుతో పట్టేసే బ్రేక్‌ను మోటారు షాఫ్ట్‌కి బిగించాను. ఇప్పుడు దిగుతూ ఆపినా అక్కడే నిలుస్తోంది. అయితే కంచు చక్రం పళ్లు అరిగి తెగితే ఈ బ్రేకూ బరువును పట్టలేదు, అందుకే నూనెలో కంచు పొడి కనిపిస్తోందేమో చూస్తుంటాను. బరువు కిందికి ఎవరినీ రానివ్వను.