మూడు జట్లు ఒకరి వెనక ఒకరు అందుకునే పిల్లల పాట: అయిదో అక్షరం దగ్గర గోల ఎందుకవుతోంది?

గుణుపురం టీచరమ్మ
మా బళ్ళో తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి చదువుతారు. అందరూ ఒకే పాట పాడాలి, కానీ ఒక్కో జట్టు ఒక్కో ఆవర్తం ఆలస్యంగా మొదలుపెట్టాలి. మోహనంలో, ఆది తాళంలో, అక్షరానికో స్వరం చొప్పున ఇలా కట్టాను.

వాన వాన వచ్చెనే: స రి గ ప | రి గ స ,
వాగు వంక పారెనే: గ ప ద ప | గ రి గ ,
కొండ కోన నిండెనే: ద ప గ రి | స రి గ ,

విడిగా పాడితే హాయిగా ఉంది. మూడు జట్లూ కలిశాక అయిదో అక్షరం దగ్గర ప్రతిసారీ చెవికి గుచ్చుకుంటోంది. ఏం మార్చాలి? ఏ శ్రుతి పెట్టాలి? చివర్లో ఎలా ఆపాలి? మాటలు ఒడియాలో రాస్తే మేలా?

బరంపురం భజన
అమ్మా, ముప్పయ్యేళ్ళుగా భజన నడిపిస్తున్నాను. ఇది రాగం తప్పు కాదు, తాళం తప్పు. ముందు నాయకుడు పాడాలి, వెనక అందరూ అందుకోవాలి. తాళం గట్టిగా ఉంటే ఏ రాగమైనా సరే, గోల ఉండదు.

జయపురం హార్మోనియం
భజన మాస్టారూ, మీరు చెప్పేది ఒకరు పాడి ఆపాక మిగతావాళ్ళు పాడడం. ఆవిడ అడిగింది ఎవరూ ఆపకుండా మూడు వరసలూ ఒకేసారి మోగడం గురించి. రెండూ వేరు.

టీచరమ్మా, మూడు వరసలనూ ఒకదాని కింద ఒకటి రాసి నిలువునా చదవండి. ఒకటో అక్షరంలో స, గ, ద. మూడోదాంట్లో గ, ద, గ. అయిదోదాంట్లో చూడండి: రి, గ, స. మూడూ పక్కపక్క మెట్లే. హార్మోనియం మీద ఆ మూడూ కలిపి నొక్కితే మీ పిల్లలు ఎక్కడ గింజుకుంటున్నారో మీకే వినపడుతుంది. ఒకటి, మూడు, అయిదు, ఏడు అక్షరాల్లో ఊపు పడుతుంది. అక్కడ స, గ, ప తప్ప ఇంకోటి రానివ్వకండి. రి, ద లను రెండు, నాలుగు, ఆరులో దాటించేయండి.

పర్లాకిమిడి వీణ
ఏ రాగమైనా సరే అనే మాట ఒప్పుకోను. సరళీ వరసలు పాఠం చెప్పేటప్పుడు మాయామాళవగౌళలో ఇదే ప్రయత్నం చేశాం. ఒక జట్టు స మీద, ఇంకో జట్టు శుద్ధ రి మీద నిలబడితే వినలేకపోయాం. స, రి ల మధ్య అర మెట్టే. గ, మ లకూ అంతే, ప, ద లకూ అంతే, ని, పై స లకూ అంతే. తాళం ఎంత సరిగ్గా ఉన్నా ఏ రెండు జట్లో ఒకచోట ఒరుసుకుంటాయి. మోహనంలో అర మెట్టు దూరం ఎక్కడా లేదు. అందుకే పిల్లలకు అది మంచిది. కానీ గమకం లేకుండా అక్షరానికో స్వరం గుద్దితే అది మోహనం కాదు, మోహనం మెట్లు మాత్రమే. రాగం పేరు పెట్టకండి.

బరంపురం భజన
గమకం లేదని పిల్లల పాటను తీసిపారేస్తారా? మా మండలిలో గమకం రానివాళ్ళే ఎక్కువ, దేవుడు వింటున్నాడు.

పర్లాకిమిడి వీణ
తీసిపారేయలేదండీ. పేరు పెట్టొద్దన్నాను. చిన్నప్పుడు చెవిలో పడిన గాంధారమే పెద్దయ్యాక గొంతులో వస్తుంది. నాకు దాని మీద పట్టింపు ఉంది.

జయపురం హార్మోనియం
మూడు జట్లూ తలో గమకం వేస్తే ఆ గాంధారం మూడు చోట్ల ఊగుతుంది. ఈ తరహా పాటలో స్వరం నిలకడగానే ఉండాలి. ఇక్కడ నేను టీచరమ్మ వైపే.

రాయగడ నాన్న
మా పాప బళ్ళో ఆగస్టు పదిహేనుకి తెలుగు పాట వద్దన్నారు. భాష సంగతి ముందు తేల్చుకోండి.

గుణుపురం టీచరమ్మ
ఒకటో వరసలో రి, గ లను తారుమారు చేసి ‘స రి గ ప | గ రి స ,’ అని మార్చాను. మూడో వరస మొదటి ద తీసేసి ప పెట్టాను. గుచ్చుకోవడం పోయింది. ఇప్పుడు ఇంకో తంటా. రెండో జట్టు మధ్యలో తన వరస వదిలేసి ఒకటో జట్టుతో కలిసిపోతోంది.

జయపురం హార్మోనియం
మళ్ళీ నిలువునా చూడండి. ఆరో అక్షరంలో మూడు జట్లూ రి మీదే ఉన్నాయి, నడక కూడా ఒకటే. ఒకే స్వరం మీద కలుసుకున్న పిల్లలు అక్కణ్ణించి గట్టిగా పాడే జట్టు వెంట పోతారు. అది శ్రద్ధ లేక కాదు, పాట కట్టిన తీరే అలా లాగుతోంది. వరసకో ఎత్తు, వరసకో నడక ఇవ్వండి. ఒకటి కింద, ఒకటి మధ్యలో నిదానంగా, ఒకటి పైన.

వాన వాన వచ్చెనే: స రి గ ప | గ రి స ,
పొంగే ఏరూ: గ , ప , | ప , గ ,
కొండ కోన నిండెనే: ప ద స ద | స ద ప ,

మూడో వరసలో స లు పై స్థాయివి. ఇప్పుడు ఊపు పడే చోట్ల చదవండి: స గ ప, గ ప స, గ ప స, స గ ప. ఏ జట్టూ ఇంకో జట్టు స్వరం మీద కూర్చోదు. నాలుగో అక్షరంలో మాత్రం ఒకటి, రెండు జట్లు ప మీద తగులుతాయి, కానీ రెండో జట్టు అప్పటికే దాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి జారదు.

పర్లాకిమిడి వీణ
ఇది బాగుంది. మాటలు కూడా కుదిరాయి. వా, వా, వచ్, నే అన్నీ బరువైనవే, బేసి అక్షరాల్లోనే పడ్డాయి. ఒడియాలోకి మారిస్తే ఈ లెక్క మళ్ళీ చూసుకోవాలి, లేకపోతే తేలిక అక్షరం ఊపు మీద పడి మాట విరుగుతుంది.

శ్రుతి విషయం. పాఠంలో ఆడపిల్లలకు పెట్టే ఐదు శ్రుతి అలవాటుగా పెట్టొద్దు. ఈ పాట స నుంచి పై స దాకానే, ఎక్కడా కిందికి దిగదు. ఒకటి శ్రుతిలో, ఆ పిల్లల గొంతుకు సరిపడే స్థాయిలో పాడించండి. ఐదులో పాడిస్తే మొదటి వరస మరీ కిందికి పడి గొణుగుడు అవుతుంది.

రాయగడ నాన్న
మా ఇంట్లో ఇద్దరు పిల్లలే. ఇద్దరితో అవుతుందా?

గుణుపురం టీచరమ్మ
అవుతుందండీ, ఏ రెండు వరసలు కలిసినా బాగానే ఉంది. ముందు అందరూ కలిసి పాట మొత్తం తడబడకుండా పాడేదాకా జట్లు విడదీయకండి. తర్వాత మీరు రెండోదిగా అందుకునే పిల్ల పక్కన నిలబడండి. మొదలుపెట్టిన పిల్లకు తోడు అక్కర్లేదు. మా జట్లను వరండా మూలల్లో నిలబెట్టాక చెవులు మూసుకుని పాడడం మానేశారు.

బరంపురం భజన
ఆపడం సంగతి ఎవరూ చెప్పలేదు. మొదలుపెట్టిన క్రమంలోనే ఒక్కో జట్టు ఆగిపోవాలి. చివరి జట్టు ఒంటరిగా ‘నిండెనే’ అని ముగిస్తుంది.

జయపురం హార్మోనియం
చిన్నపిల్లలు ఒంటరిగా మిగిలితే గొంతు వణికి శ్రుతి జారుతుంది. టీచరమ్మ చెయ్యెత్తగానే ఏడో అక్షరం దగ్గర అందరూ నిలిచిపోవాలి. అక్కడ స, గ, ప ఉన్నాయి, ఏ ఆవర్తంలో ఆపినా నిండుగా వినపడుతుంది.

బరంపురం భజన
అలా ఆపితే రెండు జట్ల పాట సగంలో తెగినట్టే కదా?

గుణుపురం టీచరమ్మ
రేపు రెండూ పాడించి చూస్తాను. మూడో జట్టులో అంతా రెండో తరగతి వాళ్ళే, వాళ్ళు ఒంటరిగా నిలబడతారో లేదో విని రాస్తాను.