రంగు నంబర్లో అక్షరాలెందుకు? 255 అని రాస్తే సరిపోదా?

వనపర్తి వెబ్: కాషాయం రంగు #FF9933 అని రాస్తున్నరు. అదే rgb(255, 153, 51) అంటే ఎవరికైనా అర్థమైతది. అంకెల నడుమ అక్షరాలు ఇరికించుడు అవసరమా? మెమరీ అడ్రసులకు కూడా ఇదే గోల.

కోదాడ కుర్రోడు: కంప్యూటర్‌కు ఈ అక్షరాలు కలిసిన పదహారు గుర్తుల లెక్క, హెక్సే తెలుసు అన్నా. పైగా మెమరీ తక్కువ పడతది.

డీబగ్ నల్లగొండ: మెమరీ ఒక్క బిట్ కూడా తగ్గదు తమ్మీ. ఎట్ల రాసినా లోపల ఉండేది అవే 24 బిట్లు. కంప్యూటర్‌కు హెక్స్ తెలవదు, అది మన కండ్ల కోసం పెట్టుకున్న రాత. నాలుగు బిట్లు కలిస్తే 16 రకాలు వస్తయి. సున్నా నుంచి తొమ్మిది దాకా గుర్తులు మన దగ్గర ఉన్నయి, ఇంకో ఆరు తక్కువ. అక్షరాలు పెట్టకుండ పదిహేనును 15 అనే రాస్తే FF కాస్తా 1515 అయితది. అది 15, 15 నా, లేక 1, 5, 1, 5 నా? చూసి చెప్పలేం. ఒక స్థానానికి ఒకే గుర్తు ఉంటేనే నాలుగు బిట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినయో తెలుస్తది.

A నుంచి F దాకే ఉండాలన్న నియమమేమీ మొదట్ల లేదు. బెండిక్స్ G-15 అనే పాత యంత్రంల u నుంచి z దాకా వాడిన్రు. 1964ల ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 A–F తోటి వచ్చింది, అదే నిలబడ్డది.

వనపర్తి వెబ్: గట్లయితే ఒక్కో రంగుకు మూడు అంకెలు ఖాయం చేద్దాం. 255153051. తొమ్మిదే అంకెలు, అక్షరం ఒక్కటి లేదు, గందరగోళం లేదు. దీనికి జవాబు చెప్పున్రి.

డీబగ్ నల్లగొండ: 300153051 అని ఎవరన్నా రాస్తే ఏం చేస్తరు? 256 నుంచి 999 దాకా అన్నీ అర్థం లేని విలువలే. హెక్స్‌ల ఏ ఆరు గుర్తులు రాసినా అది ఒక రంగే, మధ్యల ఖాళీ జాగ ఉండదు.

ఇంకోటి, ప్రోగ్రాం లోపల ఈ రంగు చాలాసార్లు ఒకే సంఖ్యగా తిరుగుతది. FF9933ను మామూలు లెక్కల చూస్తే 16750899. ఆకుపచ్చను ఒక్క మెట్టు పెంచితే 16751155. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి ఏ రంగు మారిందో చెప్పున్రి చూద్దాం. హెక్స్‌ల FF9933 పోయి FF9A33 అయితది. మారింది నడిమి జత ఒక్కటే.

మిర్యాలగూడ ఫ్లెక్స్: మీ హెక్స్ అంతా దండగ. పార్టీలు ఫోన్ల కోడ్ పంపుతరు, ఫ్లెక్స్ మీద రంగు డల్లుగ వస్తది, తిట్లు మాకు. మొన్న ఒకాయన సగం పైసలే ఇచ్చిండు.

కోదాడ కుర్రోడు: అన్నా, అది కోడ్ తప్పు కాదు. స్క్రీన్ వెలుగుతోటి, ప్రింటర్ ఇంకుతోటి రంగు పుట్టిస్తయి. 255,153,51 అని పంపినా గట్లనే వస్తది.

మిర్యాలగూడ ఫ్లెక్స్: మరి పైసలెవరిస్తరు?

గద్వాల ఆండ్రాయిడ్: నేను వనపర్తి తమ్ముడి దిక్కే. నల్లగొండ సార్ "ఏం రాసినా రంగే" అన్నది గొప్ప గుణం అంటున్నరు, మా పనిల అదే కొంప ముంచుతది. సగం పారదర్శకంగా కాషాయం కావాలని వెబ్ డిజైనర్ ఇట్ల ఇస్తడు:

```
#FF993380
```

సీఎస్‌ఎస్‌ల పారదర్శకత జత చివర్ల. ఆండ్రాయిడ్‌ల మొదట. ఉన్నదున్నట్టు అతికిస్తే ఆండ్రాయిడ్ మొదటి FFను పారదర్శకత అనుకుంటది, అంటే పూర్తి గట్టి రంగు. మిగిలిన 99, 33, 80 అంటే 153, 51, 128. కాషాయం బదులు ఊదా రంగు బటన్ వస్తది. రాయాల్సింది ఇది:

```
#80FF9933
```

బిల్డ్‌ల ఎర్రర్ రాదు, ఎందుకంటే రెండూ సక్రమమైన రంగులే. అనుమానం ఉంటే సగం ఎరుపు, #FF000080, పెట్టి చూడున్రి. ఆండ్రాయిడ్ అది ముదురు నీలంగా చూపిస్తే జత తారుమారైనట్టే. rgb తీరున వేరువేరుగ, పేర్లతోటి రాసి ఉంటే ఈ తప్పు దొర్లకపోవు.

వనపర్తి వెబ్: అక్క కరెక్ట్ చెప్పింది!

డీబగ్ నల్లగొండ: ఇందుల అక్షరాల తప్పేముంది? వరుస తప్పు. 255, 153, 51, 128 అని రాసినా ఆండ్రాయిడ్ అదే వరుసల చదివితే అదే ఊదా రంగు వస్తది. రంగుల దగ్గర మీ మాట కొంత ఒప్పుకుంటా, అక్కడ మనిషి మూడు విలువలు విడిగా ఆలోచిస్తడు. మరి అడ్రసుకు ఏం చేస్తరు? అందుల కామాలు పెట్టే జాగే లేదు.

```
0x7f3c5a20   2134661664
0x7f3c6a20   2134665760
```

మెమరీని పేజీలనే సమాన ముక్కలుగ పంచుతరు. పేజీ సైజు 4096 బైట్లయితే చివరి మూడు గుర్తులే పేజీ లోపలి దూరం. రెండింటిల a20. అంటే రెండు వేరువేరు పేజీలల ఒకే చోటు. కుడివైపు అంకెలు చూస్తే ఈ ముచ్చట కనపడ్తదా? ప్రోగ్రాం నడిచిన ప్రతిసారి లైబ్రరీ కొత్త జాగల కూసుంటది, అయినా పేజీలకు పేజీలే జరుగుతది గనక ఒక ఫంక్షన్ అడ్రసుల చివరి మూడు గుర్తులు మారవు. రెండు క్రాష్ లాగులు ఒకే చోట పడ్డయా అన్నది దాంతోనే పోల్చుకుంటం.

గద్వాల ఆండ్రాయిడ్: కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లల్ల 16 కేబీ పేజీలు కూడా వస్తున్నయి సార్. అప్పుడు లోపలి దూరం 14 బిట్లు, నాలుగో గుర్తు సగానికి చీలుతది. మీరిచ్చిన 5 అంటే 0101, 6 అంటే 0110. పై రెండు బిట్లు ఒకటే. మీరు వేరు పేజీలన్న రెండు అడ్రసులు అక్కడ ఒకే పేజీల ఉంటయి.

డీబగ్ నల్లగొండ: అది 4096 అని ముందే చెప్పిన. చీలిన గుర్తును కూడా నువ్వు ఇప్పుడు బిట్లుగ విడదీసి చూసినవ్ కదా, 2134661664తోటి అట్ల చేసి చూపియ్.

వనపర్తి వెబ్: మీరు ఇద్దరే మాట్లాడుకున్రి. నేనడిగింది పిల్లల గురించి! డిప్లొమా పరీక్షల 153ను హెక్స్‌లకు మార్చుమంటరు. 16తోటి భాగించి శేషం 9, మళ్ల 9, గాబట్టి 99 అని కంఠస్థం చేస్తరు. ఎందుకు 99 అయిందంటే ఒక్కడు చెప్పడు. ఆ అక్షరాలు చూసి సగం మంది ప్రోగ్రామింగ్ మాకెందుకని పక్కకు పోతున్నరు.

డీబగ్ నల్లగొండ: ఈ మాట మొదలే చెప్పాలె గద! నీ పంచాయితి అక్షరాలతోటి కాదు, భాగహారంతోటి. భాగించుడు ఎందుకు? 153 అంటే 10011001. నాలుగు నాలుగు విడగొట్టు: 1001, 1001. తొమ్మిది, తొమ్మిది. పదహారు వరుసల పట్టిక గోడకు అంటిస్తే అయిపాయె.

వనపర్తి వెబ్: 153ను 10011001 చేసేది ఎవరు? దానికి మళ్ల రెండుతోటి భాగించాలె. ఇంకా పొడుగు.

డీబగ్ నల్లగొండ: 128 తీసెయ్, 25 మిగులుతది. 16 తీసెయ్, 9. అది 8, 1. మూడు తీసివేతలు.

వనపర్తి వెబ్: పరీక్షల అట్ల రాస్తే మార్కులెయ్యరు సార్.

కోదాడ కుర్రోడు: అక్కా, ఒక డౌట్. సగం పారదర్శకత అన్నరు, మరి 50 పెట్టక 80 ఎందుకు?

గద్వాల ఆండ్రాయిడ్: ఆ 50 శాతం కాదు తమ్మీ, హెక్స్. 50 పెడితే విలువ 80, 255ల 31 శాతమే. బటన్ మసకమసకగ కనపడతది. సగానికి 80 పెట్టు, అది 128.

కోదాడ కుర్రోడు: 255ల సగం 127.5 కదా. మరి 7F ఎందుకు కాదు?

డీబగ్ నల్లగొండ: 7F పెట్టు, 49.8 శాతం. 80 పెట్టు, 50.2. నేనైతే 7F.

గద్వాల ఆండ్రాయిడ్: 80. డిజైనర్లంతా అదే పెడతరు.