"పిల్లలెంతమంది?" అని అడిగితే ఏం చెప్తున్నారు?

మా బాబు పోయి పద్నాలుగు నెలలైంది. అప్పుడు వాడికి ఏడేళ్లు. పాపకి ఇప్పుడు ఐదు. రెండు నెలల క్రితం కొత్త అపార్ట్‌మెంట్‌కి మారాం. ఇక్కడ మా సంగతి ఎవరికీ తెలీదు కాబట్టి లిఫ్ట్‌లో, స్కూల్ బస్ దగ్గర ఇదే ప్రశ్న.

మొదట్లో "ఒక్కతే పాప" అనేదాన్ని. ఆ రోజంతా వాణ్ణి నేనే లేకుండా చేసినట్టు ఉండేది. పైగా ఒకసారి పాప నా చున్నీ లాగి, "అన్నయ్య కూడా ఉన్నాడు కదమ్మా" అంది. అప్పటినుంచి ఆ మాట అనలేకపోతున్నాను.

"ఇద్దరు" అంటే వెంటనే "బాబు ఏ క్లాసు?" అని వస్తుంది. రెండో తరగతి అనేశాను ఒకసారి. బతికుంటే అదే క్లాసు. ఇప్పుడు ఆవిడ కనిపించినప్పుడల్లా బాబుని ఆడుకోడానికి పంపమంటోంది, నేను మెట్ల దారిన వెళ్తున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఒక్కసారే, పేరంటంలో. పసుపు రాస్తున్న ఆవిడ చేయి ఆగిపోయింది. తర్వాత "ఇంకొకరిని కనండి, వాడే మళ్లీ పుడతాడు" అన్నారెవరో. మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ నేను తాంబూలం తీసుకోకుండానే వచ్చేశాను.

దగ్గరివాళ్లకి నెమ్మదిగా చెప్పుకోగలను. సమస్యల్లా ఈ అర నిమిషం పరిచయాలే. మీలో బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు, పక్కన రెండో బిడ్డ వింటుండగా, అబద్ధం కాకుండా, తర్వాతి ప్రశ్న రాకుండా ఏ మాట చెప్తున్నారు?