401(k) విడతల చెల్లింపులకు W-8BENలో ఆర్టికల్ 20 ఒప్పుకున్నారా?

అమెరికా నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. వయసు 47, ఇక్కడ పన్ను లెక్కల్లో పూర్తి రెసిడెంట్‌ని. పాత కంపెనీ 401(k) ఇంకా అక్కడే ఉంది.

మొత్తం ఒకేసారి తీసుకుంటానని W-8BENలో భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 20 కింద 0% అడిగాను. ప్లాన్ నిర్వాహకులు ఒప్పుకోలేదు, 30% కోస్తామన్నారు. వాళ్ల కారణం సబబే: ఒప్పందంలో పెన్షన్ అంటే నియత కాలాల్లో వచ్చే చెల్లింపు, ఏకమొత్తం అందులోకి రాదు. అలా తీస్తే 40,000 డాలర్లకు 12,000 ముందే పోతుంది. 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి 10% జరిమానా, అంటే మరో 4,000, విడిగా కట్టాలి.

అందుకే 72(t) కింద ఏటా సమాన విడతలుగా తీసుకోవాలనుకుంటున్నాను. ఉద్యోగం మానేశాను కాబట్టి జరిమానా ఉండదు. కానీ కనీసం అయిదేళ్లు లేదా 59½ వచ్చేవరకు, ఏది ఆలస్యమైతే అంతవరకు, విడత మార్చకూడదు. మధ్యలో మారిస్తే జరిమానా వడ్డీతో సహా వెనక్కొచ్చి పడుతుంది. నా విషయంలో అది పన్నెండేళ్ల కట్టుబాటు, 30% కోత తప్పదంటే దిగడం దండగ. విడతలకైనా 0% ఇస్తారా అని అడిగితే, ఫారం వచ్చాకే చెప్తామన్నారు.

ఇలా 72(t) విడతలకు ఆర్టికల్ 20 కింద 0% వచ్చినవాళ్లున్నారా? ఉంటే W-8BEN 10వ లైన్లో సరిగ్గా ఏం రాశారు?