అప్‌డేట్: 48కే రిటైర్‌మెంట్, వైద్యానికి వేరే నిధి

నా ప్రశ్న: 48కి ఉద్యోగం మానేస్తే, 60లో పెన్షన్ మొదలయ్యేదాకా దాచిన నిధిలోంచి ఏటా ఎంత శాతం తీసుకోవచ్చు? వైద్య ఖర్చునూ అందులోనే కలపాలా?

అప్‌డేట్: మీ సలహాల తర్వాత 4 శాతం లెక్క వదిలేశాను. అది 30 ఏళ్లకు కట్టిన లెక్క, నాకు 45 ఏళ్లు కావాలి. అందుకే 3.3 శాతం.

వైద్యాన్ని విడదీశాను. ఏడాది ఖర్చు 100 అనుకుంటే అందులో ఆరోగ్య బీమా ప్రీమియం 8. మిగతా 92కి 3.3 శాతం చొప్పున 2,788 నిధి కావాలి. ప్రీమియం వయసుతోపాటు పెరుగుతుంది కాబట్టి, ద్రవ్యోల్బణం మీద ఏటా మరో 4 శాతం వేశాను. నేటి విలువలో 12 ఏళ్ల ప్రీమియాలు మొత్తం 120 అవుతాయి. పెరుగుదల మరిచిపోతే 96 దగ్గరే ఆగిపోతాం. బీమా చెల్లించని వాటాకు ఇంకో 30 కలిపి, ఈ 150ని షేర్లలో కాకుండా డిపాజిట్లలో ఉంచుతున్నాను. వడ్డీ ద్రవ్యోల్బణాన్ని అందుకోకపోతే ఇది చాలదు, ఏటా చూసుకోవాలి.

60 నాటికి ప్రీమియం దాదాపు 13. అప్పుడొచ్చే పెన్షన్ నేటి విలువలో 30, ముందు దీనికే. ఉద్యోగం మానక ముందే సొంత పాలసీ తీసుకుంటున్నాను: పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ కంపెనీ బీమా ఉండగానే గడిచిపోవాలి.